పోస్టు పెట్టేముందు పాత చాట్లు చదవండి

మంగళగిరి నూలు చీరలను ఇంటి నుంచే వాట్సాప్‌లో అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. రోజూ ఉదయం పదింటికి స్టేటస్‌లో ఫొటోలు పెడతారు. చూసేవాళ్ళు చాలామంది, అడిగేవాళ్ళు కొద్దిమంది. ఎవరు కొంటారని అడిగితే ‘ఆడవాళ్ళు, పాతికేళ్ళ నుంచి యాభై దాకా’ అంటారు. ఆ జవాబు పట్టుకుని ఒక్క పోస్టు కూడా రాయలేం.

ఆవిడకు కావలసింది ఫోన్‌లోనే ఉంది. ఈమధ్య జరిగిన ఓ పాతిక, ముప్పై చాట్లు తీయాలి. కొన్నవాళ్ళవే కాదు, ధర అడిగి ఆగిపోయినవాళ్ళవి కూడా. నోట్‌బుక్‌లో పేర్లూ నంబర్లూ వద్దు. ఒక్కో చాట్ నుంచి మూడే రాసుకోవాలి: ఎందుకు కావాలన్నారు, దేనికి సందేహించారు, మొదటి మెసేజ్ ఏ వేళకు వచ్చింది. మాటలు మాత్రం వాళ్ళవే ఉండాలి. ‘రంగు దిగుతుందా?’ అన్నదాన్ని ‘నాణ్యత గురించి’ అని మార్చి రాస్తే అసలు విషయం పోతుంది.

తర్వాత ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయాలి. ‘ఇలాంటివి తెస్తే తీసుకుంటారా?’ అంటే మొహమాటానికి అందరూ సరేనంటారు. ‘పోయినసారి చీర ఎప్పుడు కొన్నారండీ, దేనికోసం?’ అని అడిగితే జరిగింది చెబుతారు.

చాట్లలో ఎక్కువసార్లు కనిపించినవి ఇవీ అనుకుందాం: ‘స్కూలుకి కట్టుకెళ్ళాలి’, ‘గంజి పెట్టాలా?’, ‘ఫొటోలో ఉన్న రంగేనా?’. కొనేమనిషి రూపం అక్కడే తేలుతుంది. నలభై దాటిన టీచరు. వారమంతా కట్టుకునే చీర కావాలి. ఉతుకు గురించి బెంగ. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చూస్తారు. ఇక ‘హాయ్ లేడీస్, హరీ అప్!’ ఆవిడకు నప్పదు. ‘మీరు’ అంటూ నెమ్మదిగా, వివరంగా చెప్పాలి. పోస్టులో పగటి వెలుగులో తీసిన ఫొటో, నాలుగు ఉతుకుల తర్వాత అదే చీర, గంజి పెట్టే పద్ధతి ఉండాలి.

వేళ దగ్గరే చాలామంది పొరబడతారు. పదింటికి పోస్టు పెడితే పదిన్నరకు మెసేజ్‌లు రావడం సహజం. అది మన అలవాటే తప్ప వాళ్ళ తీరిక కాదు. స్టేటస్‌తో సంబంధం లేకుండా వాళ్ళంతట వాళ్ళే మొదలుపెట్టిన చాట్ల వేళలు విడిగా చూడాలి. అవి రాత్రి తొమ్మిది చుట్టూ ఉంటే, ఒక వారం ఉదయం, ఒక వారం రాత్రి అదే తరహా పోస్టులు పెట్టి, వచ్చిన ఎంక్వైరీలను పోల్చాలి. లైకులను లెక్కలోకి తీసుకోకూడదు. జీతాలు పడే నెల మొదటి వారాన్ని నెలాఖరుతో పోల్చినా లెక్క తప్పుతుంది.

అమెరికా నుంచి ‘అమ్మకు పంపాలి’ అని రాసే కూతుళ్ళను ఈ టీచరుతో కలిపేస్తే ఇద్దరికీ సరిపడని మనిషి తయారవుతుంది. వాళ్ళకు గంజి సంగతి అక్కర్లేదు. ఎన్ని రోజుల్లో చేరుతుంది, ప్యాకింగ్ ఎలా ఉంటుంది అన్నదే ముఖ్యం. అలాంటి చాట్లు ఐదారు పోగయ్యాక వాళ్ళకో వేరే పేజీ తెరవాలి. అక్కడి రాత్రి మనకు పగలు కనుక, వాళ్ళ వేళలనూ విడిగానే లెక్కించాలి.