వచ్చిన వరసే చెట్టు ఎత్తును తేలుస్తుంది

బైనరీ సెర్చ్ ట్రీలో కొత్త సంఖ్య రూట్ నుంచి బయలుదేరి, చిన్నదైతే ఎడమకు, పెద్దదైతే కుడికి దిగుతూ ఖాళీ దొరికిన చోట నిలుస్తుంది. మొదట వచ్చిన సంఖ్యే రూట్. ఆ తర్వాత దాన్ని కదిపేది లేదు. అందుకే ఈ చెట్టు ఎత్తంతా సంఖ్యలు వచ్చిన వరసలోనే ఉంటుంది.

1 నుంచి 7 వరకు అంకెలు 5040 వరసల్లో రావచ్చు. 1, 2, 3 అంటూ క్రమంగా వస్తే ఏడంతస్తుల గొలుసు తయారవుతుంది. ముందు 4, ఆపైన 2, 6, వాటి వెనక 1, 3, 5, 7 వస్తే మూడంతస్తుల్లోనే అన్నీ సర్దుకుంటాయి. ఈ మూడంతస్తుల చెట్టుకు దారితీసే వరసలు 80. ఎందుకంటే 2కి ముందే 1 గానీ 3 గానీ రాకుంటే చాలు, 6 విషయంలోనూ అంతే. ఎడమవైపు అంకెలు, కుడివైపు అంకెలు ఎలా కలిసి వచ్చినా ఫరవాలేదు. గొలుసుకు ఆ వెసులుబాటు లేదు. గొలుసు ఆకారాలు 64 ఉన్నా, ఒక్కోదానికి ఒక్కటే వరస. యాదృచ్ఛికంగా చేర్చడమంటే ప్రతి వరసకూ సమాన అవకాశమివ్వడం, ప్రతి ఆకారానికీ కాదు. గుట్టంతా ఇక్కడే ఉంది.

సంఖ్యలు పది లక్షలైనా ఇదే తీరు. రూట్ మధ్య సగంలోంచి వచ్చే అవకాశం రెండింట ఒకటి. అలా వస్తే ఏ పక్కనా మూడొంతులకు మించి మిగలవు. రూట్ ఓ చివరిదైతే ఆ అంతస్తు దాదాపు వృథా, అంతకు మించి నష్టం లేదు. ఏ పక్కకు వెళ్లిన సంఖ్యల వరసైనా మళ్లీ యాదృచ్ఛికమే కనుక కిందా ఇదే లెక్క సాగుతుంది. పది లక్షలు ఒకటికి తగ్గడానికి అలాంటి మంచి విభజనలు 48 సరిపోతాయి. అంటే సగటున 96 అంతస్తులు. ఇది మోటు లెక్క. నిజానికి ఒక సంఖ్య సగటు లోతు 25 అడుగులే.

అయితే ఎత్తును తేల్చేది అన్నిటికన్నా లోతున్న సంఖ్య. పది లక్షల్లో ఏదో ఒకటి దురదృష్టం కొద్దీ చాలా కిందికి పోదా? పోతుంది, కానీ ఎంతో దూరం కాదు. ఒక హద్దు దాటాక, అదనపు అంతస్తు పెరిగేకొద్దీ అంత లోతుకు పోయే అవకాశం గుణకారపు లెక్కన పడిపోతుంది. పది లక్షలంటే ఇరవైసార్లు రెట్టింపు చేయడమే కనుక కొన్ని అంతస్తులు ఎక్కువైతే చాలు. 1986లో లుక్ డెవ్రాయ్ ఈ ఎత్తు n పెరిగేకొద్దీ 4.311 ln nకు చేరువవుతుందని నిరూపించారు. పది లక్షలకు ఇది సుమారు 60. అసలు సగటు కాస్త తక్కువే. ఎంత పొందిగ్గా పేర్చినా 20 అంతస్తులు తప్పవు.

ఈ హామీ వరస యాదృచ్ఛికమైనప్పుడే. రోల్ నంబర్లు, తేదీల్లాంటివి క్రమంలోనే వచ్చిపడితే చెట్టు గొలుసవుతుంది, వెతుకులాట నత్తనడక నడుస్తుంది. డేటా ముందే చేతిలో ఉంటే కలగలిపి చేర్చాలి. విడతలుగా వస్తుంటే ఏవీఎల్ వంటి తనను తాను సరిచేసుకునే చెట్టు వాడాలి.