గుమ్మం చూపిస్తేనే ఇల్లు అర్థమవుతుంది

మా తమ్ముడు కూకట్‌పల్లిలో ఉన్న తన రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అమ్మకానికి పెట్టినప్పుడు, గదులన్నీ ఫోన్‌లో తీసి ఒకే వీడియోగా కలిపాడు. పదకొండు క్లిప్పులు, సుమారు మూడు నిమిషాలు. వెలుతురు బాగుంది, చెయ్యి ఎక్కడా వణకలేదు. డల్లాస్‌లో ఉండే ఒకాయన అది చూసి ఫోన్ చేశాడు. "వంటగది ఆగ్నేయంలో ఉందన్నారు. లోపలికి రాగానే ఎటుంటుందండీ? బాల్కనీలోకి హాల్లోంచి వెళ్లాలా, బెడ్‌రూములోంచా?" మూడు నిమిషాలు ఇల్లంతా చూసిన మనిషి అడిగిన ప్రశ్నలివి.

వీడియో మళ్లీ వేసి చూస్తే కారణం తెలిసింది. తమ్ముడు క్లిప్పులను అందాన్ని బట్టి పేర్చాడు. ముందు బాల్కనీ, తర్వాత మాస్టర్ బెడ్‌రూము, ఆ తర్వాత కొత్తగా చేయించిన వంటగది, హాలు, చివర్లో బాత్‌రూములు. ప్రతి గదీ విడిగా బాగుంది కానీ, ఏ గది పక్కన ఏ గది ఉందో చెప్పే క్లిప్పు ఒక్కటీ లేదు. ఇంట్లో నడిచే మనిషికి తాను ఎటు తిరిగాడో ఒంటికే తెలుస్తుంది. వీడియోలో ఒక గది నుంచి ఇంకో గదికి కట్ చేసిన క్షణంలో ఆ మలుపు మాయమైపోతుంది. చూసేవాడికి దాన్ని తిరిగి ఇవ్వాల్సింది క్లిప్పుల వరసే.

ముందు ఆ ఫ్లాట్ ఎలా ఉంటుందో చెప్తాను. తూర్పు ముఖం. తలుపు తీసి లోపలికి వస్తే మనం పడమర చూస్తూ ఉంటాం. ఎడమ పక్కన డైనింగ్ టేబుల్, దాని వెనకే వంటగది. అంటే ఆగ్నేయ మూల. కుడి పక్కన హాలుకు ఉత్తరాన బాల్కనీ. ఎదురుగా చిన్న ప్యాసేజ్, దాని చివర కామన్ బాత్‌రూము. ప్యాసేజ్‌లో ఎడమకు తిరిగితే నైరుతిలో మాస్టర్ బెడ్‌రూము, కుడికి తిరిగితే వాయవ్యంలో పిల్లల గది. మాటల్లో నాలుగు ముక్కలు. ఇదే సంగతి వీడియో కూడా చెప్పగలగాలి.

కొత్త వరస ఇంటి బయట మొదలైంది. మూసి ఉన్న తలుపు, అది తెరుచుకోవడం, గడప మీద నిలబడి చూసిన హాలు, అన్నీ ఒకే క్లిప్పులో తీశాం. తెర మీద "తూర్పు ద్వారం" అని రాశాం. మన వాళ్లలో చాలామంది ఇంటిని ఊహించుకునేది దిక్కులతోనే. ఆ ఒక్క మాట పడితే మిగతా మూలలను వాళ్లే సర్దుకుంటారు. గడప మీద కెమెరాను నాలుగైదు సెకన్లు కదపకుండా ఉంచాం. ఎడమన టేబుల్, ఎదురుగా ప్యాసేజ్, కుడిన బాల్కనీ వెలుగు మూడూ ఫ్రేములో పడ్డాయి. ఇంటికంతటికీ ఆధారం ఈ షాటే. దీన్ని తొందరగా దాటిస్తే తర్వాత వచ్చే ఏ గదికీ చోటు దొరకదు. ఫోన్‌ను అడ్డంగా పట్టుకోవడం కూడా ఇందుకే. నిలువుగా పట్టుకుంటే రెండు పక్కల గోడలూ ఫ్రేములోకి రావు.

తర్వాత వంటగది. పాత క్లిప్పు స్టవ్ గట్టు దగ్గర మొదలయ్యేది. దాన్ని వదిలేసి హాల్లోంచే తీయడం మొదలుపెట్టాం. ముందు డైనింగ్ టేబుల్ కనిపిస్తుంది, దాని వెనక వంటగది గుమ్మం, కెమెరా ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్తుంది. ఎక్కడైనా కట్ చేయాల్సి వస్తే గుమ్మం ఫ్రేములో ఉన్నప్పుడే చేశాం. గుమ్మం ముందు ఆగిన షాటు, అదే గుమ్మంలోంచి లోపల కనిపించే షాటు పక్కపక్కనే పెడితే, తాను గడప దాటానని చూసేవాడికి చెప్పకుండానే తెలుస్తుంది.

బయటికి రావడం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. వంటగదిలోంచి బయటికి వచ్చేటప్పుడు మనం ఉత్తరం చూస్తాం. ఇప్పుడు ఎదురుగా ఉన్నది బాల్కనీ, ప్యాసేజ్ ఎడమ చేతి వైపుకు వెళ్లిపోయింది. మొదటి షాటులో ఎదురుగా ప్యాసేజ్ చూసినవాడు, ఇప్పుడు ఎదురుగా కనిపించే బాల్కనీ వైపే బెడ్‌రూములున్నాయని అనుకుంటాడు. అందుకే బయటికొచ్చాక కట్ చేయకుండా, ప్యాసేజ్ మళ్లీ ఎదురుగా వచ్చేదాకా కెమెరాను మెల్లగా ఎడమకు తిప్పాం. మూడు నాలుగు సెకన్ల పని. ఆ తిప్పుడులో డైనింగ్ టేబుల్ ఒక అంచున కనిపిస్తూనే ఉంది. గుమ్మం నుంచి చూసినా, వంటగదిలోంచి చూసినా, ప్యాసేజ్ మొదట్లో నిలబడి చూసినా కనిపించే వస్తువు అదొక్కటే. ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. తీసే ముందే దాన్ని గుర్తుపెట్టుకుని, దాన్ని కదపకుండా చూసుకోవాలి.

బాల్కనీ కూడా అంతే. హాల్లోంచి వెళ్లడం, వెనక్కి తిరిగి హాల్లోకి రావడం. రెండు వేర్వేరు గదుల మధ్య హాలు ప్రతిసారీ ఒక్క క్షణమైనా కనిపించాలి. అనవసరంగా నిడివి పెరుగుతుందని తమ్ముడు వాదించాడు కానీ, గదుల లోపలి షాట్లను కుదించి ఆ సెకన్లు ఇక్కడికి తెచ్చాం. పరుపు మీద దుప్పటిని ఎనిమిది సెకన్లు చూపించాల్సిన పని లేదు.

ఇల్లు ఖాళీ చేసేశాక, మళ్లీ వెళ్లి తీసే వీలు లేనప్పుడు, ఉన్నవి గది క్లిప్పులే అయితే ఏం చేయాలి? ఇంటి ప్లాన్ బొమ్మ ఒకటి గీసి, ప్రతి గదికి ముందు రెండు సెకన్లు చూపించండి. ఇప్పుడు వెళ్తున్న గదికి రంగు వేసి, వచ్చిన దారి బాణంతో గీస్తే చాలు. గిరగిర తిరిగే, జారిపోయే ట్రాన్సిషన్లు మాత్రం వద్దు. ఉన్న కాస్త దిక్కునూ అవే చెరిపేస్తాయి. రెండు క్లిప్పులు కలవడం లేదని ఒకదాన్ని కుడి ఎడమలు మార్చి తిప్పేయడం అంతకంటే పెద్ద తప్పు. అలా తిప్పితే ఆగ్నేయంలోని వంటగది తెర మీద ఈశాన్యానికి వెళ్లిపోతుంది. కొనేవాళ్లను మోసం చేసినట్టే.

ఎంత మంచి వరసైనా గది కొలత చెప్పలేదు. ఫోన్‌లో 0.5x పెట్టి తీస్తే పదడుగుల గది హాలంత కనిపిస్తుంది, అంచుల్లో తలుపులు సాగిపోతాయి. మామూలు 1x లో, గది మూలన నిలబడి, ఛాతీ ఎత్తులో పట్టుకుని తీశాం. కొలతలు టేపుతో కొలిచి తెర మీద అంకెల్లో రాశాం.

పంపే ముందు మా పిన్నికి సౌండ్ తీసేసి చూపించాం. ఆమె ఆ ఫ్లాట్‌కి ఎప్పుడూ వెళ్లలేదు. చూశాక కాగితం మీద ఇంటి ప్లాన్ గీయమన్నాం. తలుపు, వంటగది, బాల్కనీ, రెండు బెడ్‌రూములు అన్నీ సరిగ్గానే పెట్టింది. బాత్‌రూము మాత్రం ఒకటే గీసి, దానికి రెండు తలుపులు పెట్టింది, బెడ్‌రూములోంచి ఒకటి, ప్యాసేజ్‌లోంచి ఒకటి. "అదేంటి పిన్నీ?" అంటే, "ఒకటేగా నువ్వు చూపించింది, అవే టైల్స్" అంది. నిజమే. అటాచ్డ్ బాత్‌రూము అవగానే కామన్ బాత్‌రూము క్లిప్పు పెట్టాం. రెండింటిలోనూ అవే తెల్ల టైల్స్, అదే నీలం అంచు. కామన్ బాత్‌రూమును ప్యాసేజ్‌లోకి రాగానే ముందుకు జరిపాం, తర్వాత పిల్లల గది, అన్నిటికంటే చివర మాస్టర్ బెడ్‌రూము, దాని బాత్‌రూము. పక్కింటావిడను పిలిచి ఆమె చేత కూడా గీయించాం. ఈసారి రెండు బాత్‌రూములు వచ్చాయి.