పెదవులు విడిన తర్వాత

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లతో మనం 'పిన్' అంటే వాళ్లకు ఒక్కోసారి 'బిన్' అని వినిపిస్తుంది. మనం పలికింది స్పష్టమైన 'ప'యే, వాళ్ల చెవిలోనూ లోపం లేదు. పేచీ అంతా సెకనులో ఇరవయ్యో వంతు దగ్గర ఉంది.

'ప' అనాలంటే పెదవులు మూసి, గాలిని లోపల బిగబట్టి, ఒక్కసారిగా వదలాలి. తర్వాతి అచ్చు కోసం గొంతులోని స్వరతంత్రులు అదరాలి. పెదవులు విడిన క్షణానికీ, ఆ అదురు మొదలైన క్షణానికీ మధ్య ఉన్న ఎడమే వాయిస్ ఆన్‌సెట్ టైమ్. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. పెదవులు విడకముందే గొంతు మోగితే ఆ అంకె ముందు మైనస్ గుర్తు పెడతారు.

1964లో లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్‌సన్ పదకొండు భాషల్లో ఈ ఎడాన్ని కొలిచారు. వాటిలో థాయ్ చాలా తేటగా కనిపిస్తుంది. దాని 'బ'లో పెదవులు విడవడానికి సుమారు 100 మిల్లీసెకన్ల ముందే గొంతు మోగుతుంది. 'ప'లో విడిన వెంటనే, పది లోపే మోగుతుంది. ఒత్తు 'ఫ'లో అరవై పైచిలుకు ఆగి మోగుతుంది. ఆ ఆగిన వ్యవధిలో బయటికొచ్చే ఊపిరే మనం మహాప్రాణం అనే ఒత్తు.

ఇంగ్లిష్‌ది వేరే లెక్క. అక్కడ మాట మొదట్లో వచ్చే 'ప' దాదాపు అరవై దగ్గర ఉంటుంది. 'బ' చాలాసార్లు సున్నాకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అంటే మన 'ప' చోటే. అందుకే మన 'పిన్' వాళ్లకు 'బిన్' అవుతుంది. 'స్పిన్' అన్న మాటలో మాత్రం వాళ్ల 'ప'కూ ఊపిరి ఉండదు. ఆ రికార్డింగులో 'స' ముక్క కోసేసి వినిపిస్తే వాళ్లే 'బిన్' అంటారు.

ఇంట్లోనే చూడాలంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 'పాట', 'బాట' విడివిడిగా రికార్డు చేయండి. పెదవులు విడిన చోట సన్నటి ముల్లులాంటి గీత లేస్తుంది. గొంతు మోగిన చోట ఒకే తీరు అలలు వరసకడతాయి. 'బాట'లో ఆ అలలు ముల్లుకు ముందే చిన్నగా కనిపిస్తాయి. 'ఈ బాట' అని మాత్రం అనకండి. 'ఈ'లోని మోత ఆగకుండా 'బ'లోకి సాగిపోతే, గొంతు ఎక్కడ మొదలైందో తేల్చలేం.

ఈ కొలత 'భ' దగ్గర ఓడిపోతుంది. హిందీ, మరాఠీల్లో 'బ', 'భ' రెండింటికీ గొంతు ముందే మోగుతుంది, అంకెలు ఒకదానిమీదొకటి పడతాయి. ఈ సంగతి లిస్కర్, అబ్రామ్‌సన్‌లే గమనించారు. 'భ'లో పెదవులు విడిన తర్వాత స్వరతంత్రులు అదురుతూనే, పూర్తిగా మూసుకోక ఊపిరిని జారవిడుస్తాయి. కాబట్టి ఆ రెంటినీ విడదీయాలంటే ముల్లుకు ముందు కాదు, దాని తర్వాతి అచ్చు మొదట్లో ఊపిరి కలిసిన అలలను చూడాలి.