రెండు చెట్లు, రెండు జవాబులు

`9 - 4 * 2` అని ప్రోగ్రాములో రాస్తే కంపైలర్‌కు మొదట కనిపించేది వరుసగా పేర్చిన ఐదు గుర్తులు మాత్రమే. వాటిలో ఏది దేనితో జతకడుతుందో తేల్చడానికి దానికి ఒక వ్యాకరణం కావాలి. అందరికీ ముందుగా తట్టే వ్యాకరణం ఇలా ఉంటుంది:

```
E -> E - E | E * E | ( E ) | n
```

ఇక్కడ `E` అంటే సమాసం, `n` అంటే ఏదైనా సంఖ్య, నిలువు గీత అంటే ‘లేదా’. రెండు సమాసాల మధ్య తీసివేత గుర్తు పెట్టినా, గుణకారం గుర్తు పెట్టినా, ఒక సమాసాన్ని బ్రాకెట్లలో ఉంచినా మళ్లీ సమాసమే అవుతుంది. ఏది సరైన సమాసమో, ఏది కాదో చెప్పడానికి ఈ ఒక్క వరుస చాలు. చిక్కల్లా విలువ కట్టే దగ్గర వస్తుంది. ఏ నియమాన్ని ఎక్కడ వాడామో చూపే బొమ్మను పార్స్ ట్రీ అంటారు. మన సమాసానికి ఈ వ్యాకరణం ప్రకారం రెండు పార్స్ ట్రీలు గీయవచ్చు:

```
     E                   E
   / | \               / | \
  E  -  E             E  *  E
  |   / | \         / | \   |
  9  E  *  E       E  -  E  2
     |     |       |     |
     4     2       9     4
```

విలువను కింది కొమ్మల నుంచి పైకి కడతారు. ఎడమ చెట్టులో గుణకారం కింద ఉంది కాబట్టి ముందు 8 వస్తుంది, 9 లోంచి అది తీసేస్తే 1. కుడి చెట్టులో తీసివేత ముందు జరిగి 5 వస్తుంది, దాన్ని రెట్టిస్తే 10. రెండు చెట్లూ నియమాలకు లోబడినవే. ఇలా ఒకే వాక్యానికి ఒకటికి మించి చెట్లనిచ్చే వ్యాకరణాన్ని సందిగ్ధ వ్యాకరణం అంటారు. గుణకారమే ముందని బడిలో నేర్చుకున్న సంగతి పై నియమాల్లో ఎక్కడా లేదు. దాన్ని వ్యాకరణంలోకే ఎక్కించాలంటే సమాసాన్ని అంతస్తులుగా విడగొట్టాలి:

```
E -> E - T | T
T -> T * F | F
F -> ( E ) | n
```

`E` తీసివేతల అంతస్తు, దాని కింద `T` గుణకారాలది, అన్నిటికన్నా అడుగున `F`లో విడి సంఖ్యలు, బ్రాకెట్లు. ఇప్పుడు పాత కుడి చెట్టును గీయబోతే ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. గుణకారం గుర్తుకు ఎడమవైపు `T` మాత్రమే ఉండగలదు. అక్కడ `9 - 4` కూర్చోవాలంటే `T` లోంచి తీసివేత గుర్తు పుట్టాలి. బ్రాకెట్ల లోపల తప్ప `T` దాన్ని పుట్టించలేదు. కాబట్టి ఆ చెట్టుకు దారి మూసుకుపోయి, 1 వచ్చే చెట్టు ఒక్కటే మిగులుతుంది. 10 కావాలనుకున్నవారు `(9 - 4) * 2` అని రాయాల్సిందే. ప్రాధాన్యం అమలయ్యే తీరు ఇంతే: ముందు జరగాల్సిన పనిని కింది అంతస్తులో పెట్టడం.

ఒకే గుర్తు వరుసగా వచ్చినప్పటి సంగతి ఇంకా సున్నితమైనది. `9 - 4 - 2` కు కూడా మొదటి వ్యాకరణం రెండు చెట్లు ఇస్తుంది. ఒకదాని విలువ 3, రెండోదాని విలువ 7. కొత్త నియమం `E - T` లో తీసివేతకు కుడివైపున ఉన్నది `T`. అందులో బ్రాకెట్లు లేకుండా మరో తీసివేత ఇమడదు. మిగిలిన తీసివేతలన్నీ ఎడమవైపు `E` లోకే వెళ్లాలి. కనుక `9 - 4` ముందు జరిగి 3 వస్తుంది. దీన్నే ఎడమ సాహచర్యం అంటారు.

ఈ నియమాన్ని తిరగేసి `E -> T - E | T` అని రాసినా సందిగ్ధత పోతుంది, ప్రతి సమాసానికీ ఒకే చెట్టు వస్తుంది. కానీ జవాబు 7 అవుతుంది! సందిగ్ధత లేనంత మాత్రాన వ్యాకరణం సరైనదైపోదు. ఈ పొరపాటు ఊరికే జరగదు. పై నుంచి కిందికి, ఒక్కో నియమానికి ఒక్కో ఫంక్షన్ చొప్పున పార్సర్ రాసేవారికి `E -> E - T` ఇబ్బంది పెడుతుంది. `E` ఫంక్షన్ ఒక్క గుర్తునైనా చదవకముందే మళ్లీ తననే పిలుచుకుంటూ అంతం లేకుండా తిరుగుతుంది. తప్పించుకోవడానికి నియమాన్ని తిరగేస్తే ప్రోగ్రాము నడుస్తుంది, లెక్క తప్పుతుంది. సరైన మార్గం ఒక `T` ని చదివి, తీసివేత గుర్తు కనిపించినంతసేపూ లూప్‌లో మరో `T` ని చదువుతూ, అప్పటిదాకా వచ్చిన ఫలితంలోంచి దాన్ని తీసేయడం. కూడికలతో మాత్రమే పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు, ఎటునుంచి కూడినా మొత్తం ఒకటే కదా. పార్సర్ రాసినవారు మొట్టమొదట `9 - 4 - 2` ఇచ్చి చూడాలి.

ఘాతాల విషయంలో మాత్రం గణితంలో అలవాటు కుడివైపుకే. అందుకు గుణకారం కింద మరో అంతస్తు చేర్చి, అక్కడ కావాలనే కుడివైపు పెరిగే నియమం రాస్తారు:

```
F -> P ^ F | P
P -> ( E ) | n
```

దీని ప్రకారం `2 ^ 3 ^ 2` లో ముందు 3 వర్గం 9 అవుతుంది, ఆపై 2 కు 9వ ఘాతం 512. అన్ని భాషలూ ఇదే దారి పట్టలేదు. 1960లో పీటర్ నౌర్ సంపాదకత్వంలో వెలువడిన అల్గాల్ 60 నివేదిక వ్యాకరణాన్ని ఇలా అంతస్తులుగానే రాసింది, కానీ ఘాతానికీ ఎడమవైపు పెరిగే నియమాన్నే ఇచ్చింది. అందువల్ల ఆ సమాసం విలువ పైథాన్‌లో `2 ** 3 ** 2` అని రాస్తే 512, అల్గాల్ 60లో 64.