పచ్చి తూకమా? వండిన తూకమా?

వరి విషయంలో మన తెలుగువాళ్లు చాలా జాగ్రత్తపరులు. చేలో ఉన్నంతసేపు అది వరి. కళ్లంలో రాశి పోస్తే వడ్లు. మరలో ఆడిస్తే బియ్యం. ఉడికిస్తే అన్నం. అవస్థ మారినప్పుడల్లా పేరు మారుతుంది. అందుచేత “పావుకిలో బియ్యం” అంటే పావుకిలో అన్నమని పొరపాటు పడేవారు కృష్ణా జిల్లాలో ఎక్కడా కనిపించరు.

పప్పు దగ్గర మాత్రం ఎందుకో మనవాళ్లు పిసినారితనం చూపించారు. డబ్బాలో ఉన్నదీ పప్పే, కుక్కరులో ఉడికేదీ పప్పే, విస్తట్లో నెయ్యి పోసుకుని కలుపుకునేదీ పప్పే. ఈ ఒక్క మాట రెండు పనులు చెయ్యడం వల్ల మా ఇంట్లో ఒక పెద్దమనిషి నెలా పదిహేను రోజులపాటు అర్ధాకలితో ఉన్నదంటే మీరు నమ్మరేమో!

ఆ పెద్దమనిషి మా అత్తగారు. డెబ్బయి రెండేళ్ల మనిషి. నిరుడు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నది. విజయవాడలోనే శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఆహారం గురించి ఒక కాగితం ఇచ్చారు. విరిగిన ఎముక అతకాలన్నా, మంచంమీద పడి కరిగిపోయిన కండ తిరిగి రావాలన్నా మాంసకృత్తులు బాగా అందాలన్నారు. మాంసకృత్తులంటే ఇప్పుడందరూ ప్రోటీన్లని చెప్పుకునేవే. కాగితంలో ఇలా ఉన్నది: “కందిపప్పు 60 గ్రాములు. మాంసం 75 గ్రాములు.” పాలు, గుడ్డు సంగతులు కూడా ఉన్నాయి. వాటితో మనకు పేచీ లేదు.

నేను బీసెంటు రోడ్డులో చిన్న తూకం యంత్రం ఒకటి కొనుక్కొచ్చాను. రోజూ మధ్యాహ్నం గిన్నె దానిమీద పెట్టి, వండిన పప్పు సరిగ్గా 60 గ్రాములు వడ్డించేదాన్ని. ఒక గరిటె నిండకుండానే ముల్లు—కాదు, ఈ రోజుల్లో ముల్లెక్కడిది, అంకె—అరవై చూపించేది.

“ఇంతేనా అమ్మాయ్?” అనేది అత్తగారు.

“కాగితంలో అంతే ఉన్నది అత్తయ్యగారూ,” అనేదాన్ని నేను.

నెలన్నర తరువాత మళ్లీ చూపించడానికి వెళితే, అత్తగారు రెండు కిలోలు తగ్గిందని తేలింది. కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోతున్నది. ఆహార నిపుణురాలు అన్నీ విని, “పప్పు ఎప్పుడు తూస్తున్నారు?” అని అడిగింది. వడ్డించేటప్పుడని చెప్పాను. ఆమె కాసేపు నా ముఖంకేసి చూసి, “అది పచ్చి తూకమండీ,” అన్నది.

అత్తగారు అక్కడే అందుకుంది: “నేను కాపురానికొచ్చినప్పటినుంచీ డబ్బాలోంచి తీసేటప్పుడే కొలిచాను గాని, ఉడికాక ఎవరన్నా కొలుస్తారుటే? ఉడికాక కొలిస్తే నీళ్లు కొలిచినట్టే!”

సంగతంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. ఎండు పప్పులో నీరు చాలా తక్కువ. ఉడికేటప్పుడు అందులోని పిండిపదార్థం నీళ్లు తాగి ఉబ్బుతుంది. పప్పు బరువు పెరుగుతుంది గాని, అందులో ఉన్న మాంసకృత్తులు ఒక్క గ్రాము కూడా పెరగవు. అవే మాంసకృత్తులు ఇప్పుడు ఎక్కువ బరువులో పలచబడి ఉంటాయి.

ఇంటికొచ్చాక లెక్క కట్టాను. ముగ్గురికి, తలకు 60 చొప్పున, 180 గ్రాముల కందిపప్పు తూచాను. కడగకముందే తూచాలి, కడిగినా నానబెట్టినా అప్పుడే నీళ్లు పడతాయి. తరువాత ఖాళీ గిన్నె తూచాను: 410 గ్రాములు. టమాటా వేసి పప్పు వండి, తిరగమోత పెట్టి, గిన్నెతో సహా తూస్తే 1,040 గ్రాములు. గిన్నె బరువు తీసేస్తే పప్పు 630 గ్రాములు. అంటే 180 కాస్తా మూడున్నర రెట్లయింది. అత్తగారి వాటా 60 కాదు, 210 గ్రాములు!

నేను పెడుతూ వచ్చిన 60 గ్రాముల టమాటా పప్పులో అసలు కందిపప్పు 17 గ్రాములు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో మాంసకృత్తులు దాదాపు 22 గ్రాములుంటాయి. ఆ ప్రకారం ఆమెకు పప్పునుంచి రోజుకు 13 గ్రాములు అందవలసి ఉండగా, నా చేతిమీదుగా అందినవి 4 గ్రాముల లోపు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మూడున్నర అనే అంకెను గోడమీద రాసుకోకండి. అది ఆ రోజు ఆ గిన్నె లెక్క మాత్రమే. ముద్దపప్పు వండిన రోజున మా ఇంట్లో రెండున్నర రెట్లే అయింది. పలచగా చేసిన రోజున అయిదు దాటింది. పప్పుచారు సంగతి చెప్పనే అక్కర్లేదు. నీళ్లు, టమాటా, ఆకుకూర ఏది ఎక్కువైనా ఆ అంకె మారుతుంది. అందుకని నిపుణులైనవారు కాగితంమీద పచ్చి తూకమే రాస్తారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల్లో కూడా పప్పుల లెక్క వంద గ్రాముల పచ్చి సరుకుకే ఉంటుంది. దేశంలో ఏ ఇల్లాలు ఎన్ని నీళ్లు పోస్తుందో ఎవరు చెప్పగలరు?

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో మాత్రం రెండు లెక్కలూ వేరువేరుగా ఉంటాయి. ఎండు మసూరుకు వందకు 25 గ్రాముల దాకా మాంసకృత్తులని ఒక చోట, ఉడికించినదానికి 9 అని మరో చోట చూపిస్తారు. రెండూ నిజమే. ఫోనులో చూసి లెక్కలు కట్టుకునే పిల్లలు ఈ రెంటిలో ఏది చూస్తున్నారో గమనించకపోతే నాలాగే బోల్తాపడతారు. పచ్చిది తూస్తే పచ్చి లెక్క, వండినది తూస్తే వండిన లెక్క. ఒకటి తూచి రెండోది చదవకూడదు.

పప్పు సంగతి తెలిశాక నాకు ధైర్యం వచ్చి, మాంసం కూడా వండితే పెరుగుతుందేమో అనుకున్నాను. ఆదివారంనాడు చూస్తే వ్యవహారం తలకిందులైంది. ఎముక లేని వేటమాంసం 500 గ్రాములు వండి, ముక్కలు ఏరి తూస్తే 350 గ్రాములే ఉన్నాయి! పచ్చి మాంసంలో దాదాపు మూడు వంతులు నీరే. వేడి తగిలేసరికి కండలోని పోగులు బిగుసుకుని, తడిబట్ట పిండినట్టు ఆ నీటిని బయటికి తోసేస్తాయి. ఎంతసేపు ఉడికితే అంత తగ్గుతుంది. వేపుడయితే ఇంకా తగ్గుతుంది.

కనుక కాగితంలోని 75 గ్రాముల పచ్చి మాంసం విస్తట్లోకి వచ్చేసరికి 52 గ్రాముల ముక్కలు. నేను వండిన ముక్కలు 75 తూచి పెడుతున్నాను గనుక, మాంసం తిన్న రోజున ఆమెకు 107 గ్రాముల పచ్చి మాంసం అందినట్టు. పప్పులో కోత, మాంసంలో కొసరు! అయితే మాంసం వారానికి ఒక రోజు, పప్పు ఏడు రోజులు. కొసరు కోతను పూడ్చలేదు. మూత్రపిండాల జబ్బువల్ల మాంసకృత్తులు తగ్గించమన్న మనిషికైతే ఈ కొసరే ప్రమాదం.

మాంసం తూచేటప్పుడు రెండు చిక్కులున్నాయి. మొదటిది ఎముక. దుకాణంలో తూచిన కిలోలో ఎముక ఎంతో వండకముందు తెలియదు. తిన్న తరువాత విస్తట్లో మిగిలిన ఎముకలు తూచి, వడ్డించినదానిలోంచి తీసెయ్యడం ఒక్కటే దారి. రెండోది కడిగిన నీళ్లు. చిల్లుల గిన్నెలో వేసి నీరంతా ఓడిన తరువాతనే తూచాలి, లేకపోతే ఆ నీళ్లు కూడా మాంసమైపోతాయి. ముక్కలోంచి దిగిన సారం కొంత పులుసులో ఉంటుంది కాబట్టి పులుసు కూడా వాటా ప్రకారమే పంచాలి.

ఇక పాస్తా. ఇది మన వంటింటికి కొత్త చుట్టం. పిల్లలున్న ఇంట్లో మాత్రం పాత చుట్టంకన్నా చొరవగా తిరుగుతున్నది. దీని ప్రసక్తి మా ఆడపడుచు కూతురు వచ్చినప్పుడు వచ్చింది. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ మధుమేహం. ప్రతి భోజనానికీ ముందు అందులోని పిండిపదార్థాన్ని లెక్క కట్టుకుని, దానికి తగినంత ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. ఒక సాయంత్రం నేను పాస్తా వండి, పళ్లెంలో 180 గ్రాములు తూచి పెట్టాను. పొట్లం వెనక వందకు 74 గ్రాముల పిండిపదార్థమని రాసి ఉన్నది. “అయితే నీది 133 గ్రాములు,” అని లెక్కచెప్పాను.

పిల్ల చేతిలో సూది అలాగే ఆపి, “అత్తయ్యా, పొయ్యిమీద పడేసేముందు ఎంత తూచావు?” అన్నది.

ఎండువి 80 గ్రాములు. అంటే పిండిపదార్థం 59 గ్రాములు మాత్రమే. పొట్లంమీద వేసే అంకె మామూలుగా ఎండు పాస్తాది. అది ఉడికేసరికి రెండుంబావు రెట్లయింది. నా లెక్క నమ్మి సూది వేసుకుని ఉంటే మందు రెట్టింపు దాటేది. అలా జరిగితే రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, వణుకు పుట్టి, స్పృహ తప్పవచ్చు కూడా. పప్పులో నా పొరపాటుకు నెలన్నర పట్టింది. ఇక్కడయితే గంట చాలు.

ఇన్ని లెక్కలు రోజూ ఎవరు చేస్తారని మీరు అడగవచ్చు. నేనూ చెయ్యడం లేదు. తేలిక మార్గం అత్తగారే చెప్పింది: “పచ్చిది ముగ్గురికి కొలిచి పొయ్యెక్కించు. ఉడికాక గిన్నె మూడు వాటాలు చెయ్యి. అది ఎంత బరువుంటే నీకెందుకు?” నిజమే. పచ్చి తూకం సరిగ్గా ఉండి, పంపకం సరిగ్గా ఉంటే, మధ్యలో చేరిన నీళ్లు మనల్ని మోసం చెయ్యలేవు. వాటాలు సమానంగా లేనప్పుడే, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా కావలసినప్పుడే, గిన్నె బరువు తీసి భాగించే పని పడుతుంది.

పోతే, 210 గ్రాముల పప్పు ఒక్కపూట తినడం ముసలి ప్రాణానికి సాధ్యం కాలేదు. “ఇంత పప్పు ఏ భీముడు తింటాడే?” అన్నది. అందుకని ఇప్పుడు 30 గ్రాముల పెసలు నానబెట్టి పొద్దున పెసరట్టుగాను, 30 గ్రాముల కందిపప్పు మధ్యాహ్నం పప్పుగాను పెడుతున్నాను. రెండూ పచ్చి తూకాలే.

అత్తగారు ఈమధ్య చేతికర్ర సాయంతో వరండాదాకా నడుస్తున్నది. అదంతా పప్పు మహిమ అనను. రోజూ వచ్చి వ్యాయామం చేయించిన అమ్మాయికి అందులో పెద్ద వాటా ఉన్నది. ఆ ఆహారం కాగితం మాత్రం వంటింటి గోడకు ఇంకా అంటించే ఉన్నది. దానిమీద ప్రతి అంకెకూ ముందు, వణుకుతున్న అక్షరాలతో అత్తగారు తన చేత్తో ఒక మాట చేర్చింది. “పచ్చి.”