పని వేళ దాటాక పుట్టిన ఆవిష్కరణ: ఉద్యోగ ఒప్పందంలో ఏం రాయాలి?

ఉద్యోగి సృష్టించినదానికి హక్కుదారు ఎవరన్న ప్రశ్నకు భారతీయ చట్టాల్లో ఒకే జవాబు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసిన పుస్తకానికైనా, కంప్యూటర్ ప్రోగ్రామ్‌కైనా మొదటి హక్కుదారు యజమానే. వేరే ఒప్పందం ఉంటేనే ఇది మారుతుంది. 1970 నాటి పేటెంట్ల చట్టంలో మాత్రం ఇలాంటి వాక్యం ఎక్కడా కనిపించదు. దాని 6వ సెక్షన్ పేటెంటుకు దరఖాస్తు చేసే హక్కును అసలు ఆవిష్కర్తకు, లేదా అతని నుంచి ఆ హక్కు పొందినవారికి ఇస్తుంది. నెలనెలా జీతం ఇస్తున్నంత మాత్రాన యజమాని ఆ రెండో కోవలోకి వస్తాడని చట్టం చెప్పదు. హక్కు చేతులు మారిందని చూపే కాగితం ఉండాలి. ఉద్యోగ ఒప్పందంలో మేధా సంపత్తి బదిలీ క్లాజు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఈ క్లాజు రాసేవారు ఎక్కువగా తడబడేది వేళల దగ్గర. పని వేళల్లో చేసింది సంస్థది, ఆ తర్వాత చేసింది ఉద్యోగిది అని గీత గీస్తే చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆలోచన గడియారం చూసి రాదు. ఆఫీసులో వారమంతా తేలని సమస్యకు ఆదివారం ఇంట్లో పరిష్కారం తట్టవచ్చు. దాన్ని ఉద్యోగి సొంతం చేసుకుంటే సంస్థకు అన్యాయం. అలాగని ఉద్యోగ కాలంలో ఏం చేసినా సంస్థదేనని రాస్తే, ఉద్యోగానికి ఏ సంబంధమూ లేకుండా ఇంటి వరండాలో తయారైన పరికరం కూడా పోతుంది. అది ఉద్యోగికి అన్యాయం.

వేళ గురించి అస్పష్టంగా రాస్తే ఏమవుతుందో అమెరికాలో నడిచిన బార్బీ, బ్రాట్జ్ బొమ్మల వ్యాజ్యం చూపిస్తుంది. బార్బీ తయారీదారు మాటెల్‌లో పనిచేస్తున్న కార్టర్ బ్రయంట్ అనే డిజైనర్, బ్రాట్జ్ బొమ్మల ఆలోచనను ఎంజీఏ అనే పోటీ సంస్థకు అందించాడు. తన ఉద్యోగ కాలంలో ‘ఎప్పుడైనా’ చేసిన ఆవిష్కరణలను సంస్థకు బదిలీ చేస్తానని మాటెల్ ఒప్పందంలో అతను సంతకం చేసి ఉన్నాడు. ఆ మాట రాత్రులకూ సెలవు రోజులకూ వర్తిస్తుందా, లేక పని గంటల మధ్య ఎప్పుడైనా అని మాత్రమే అర్థమా? రెండు అర్థాలూ సాధ్యమేనని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. పైగా బదిలీ అయ్యే వాటి జాబితాలో డిజైన్లు, ప్రక్రియలు, కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నాయే తప్ప ‘ఆలోచనలు’ అన్న మాట లేదు. 2008లో జ్యూరీ మాటెల్‌కు 10 కోట్ల డాలర్లు ఇవ్వాలని చెప్పగా, అప్పీలు తర్వాత జరిగిన రెండో విచారణలో 2011లో జ్యూరీ ఎంజీఏ వైపే మొగ్గింది. ‘ఏ వేళలోనైనా, ఏ రోజైనా, ఏ చోటైనా’ అని ముందే రాసి ఉంటే వేళ మీద అంత వాదన జరిగే అవకాశం ఉండేది కాదు.

అందువల్ల వేళకు బదులు సంబంధాన్ని కొలబద్దగా తీసుకోవడం మేలు. కాలిఫోర్నియా కార్మిక నియమావళి 2870వ సెక్షన్ చేసినది ఇదే. ఉద్యోగి పూర్తిగా తన సొంత సమయంలో, యజమాని పరికరాలు, సామగ్రి, వసతులు, వ్యాపార రహస్యాలు వాడకుండా చేసిన ఆవిష్కరణను ఒప్పందం లాక్కోలేదు. అయితే అది యజమాని వ్యాపారానికి గాని, జరుగుతున్న లేదా జరగబోతోందని రుజువు చేయగల పరిశోధనకు గాని సంబంధించినదైతే ఈ రక్షణ వర్తించదు. యజమాని కోసం చేసిన పని నుంచి పుట్టినదైనా అంతే. అక్కడ పనిచేస్తున్న వేలాది తెలుగు ఇంజినీర్లకు ఈ రక్షణ చట్టం ద్వారానే దక్కుతుంది. హైదరాబాద్‌లో పనిచేసేవారికి అలాంటి చట్టం లేదు. కాబట్టి ఆ రక్షణను ఒప్పందంలోనే రాసుకోవాలి. ఒక నమూనా ఇది:

“ఉద్యోగ కాలంలో ఉద్యోగి ఒంటరిగా గాని, ఇతరులతో కలిసి గాని చేసిన ఆవిష్కరణ కింది మూడింటిలో ఏ ఒక్క తరగతికి చెందినా, అది ఏ వేళలో, ఏ చోట చేసినదైనా సరే, దానిపై గల సమస్త హక్కులనూ ఉద్యోగి ఇందుమూలంగా సంస్థకు బదిలీ చేస్తున్నారు: (అ) ఉద్యోగి విధుల నుంచి పుట్టినది, (ఆ) సంస్థ పరికరాలు, సామగ్రి, నిధులు లేదా రహస్య సమాచారం వాడి చేసినది, (ఇ) ఆవిష్కరణ జరిగిన నాటికి సంస్థ చేస్తున్న వ్యాపారానికి, లేదా చేపట్టబోతున్నట్టు రికార్డుల ద్వారా రుజువు చేయగల పరిశోధనకు నేరుగా సంబంధించినది. ఈ మూడింటిలో దేనిలోనూ చేరనిది ఉద్యోగి సొంతం.”

చివరి వాక్యం లేని ఒప్పందాలు చాలా ఉంటాయి. ఉద్యోగి వైపు నుంచి చూస్తే మొత్తం క్లాజులో అడిగి మరీ రాయించుకోవలసిన వాక్యం అదే.

ఈ నమూనా ఎలా పనిచేస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆసుపత్రుల్లో సెలైన్‌ను కొలిచి ఎక్కించే పంపులు తయారు చేస్తోంది. అక్కడ పనిచేసే ఇంజినీరు ఒకరు శని, ఆదివారాల్లో నల్లగొండ జిల్లాలోని తండ్రి బత్తాయి తోట కోసం ఒక పరికరం తయారు చేశారు. డ్రిప్ పైపుల్లో ఎక్కడైనా రంధ్రం పూడుకుపోతే నీటి ప్రవాహంలో వచ్చే మార్పును బట్టి కనిపెట్టి ఫోన్‌కు సందేశం పంపడం దాని పని. సొంత లాప్‌టాప్, సొంత డబ్బుతో కొన్న సెన్సర్లు, అందరికీ అందుబాటులో ఉన్న లెక్కల పద్ధతులు మాత్రమే వాడి ఉంటే (అ), (ఆ) తరగతులు వర్తించవు. సంస్థ వ్యాపారం వైద్య పరికరాలు, ఆమె చేసింది సాగు పరికరం. కాబట్టి పైకి చూస్తే (ఇ) కూడా వర్తించదు. పరికరం ఆమెదే.

ఇప్పుడు పరిస్థితిని కొంచెం మార్చి చూడాలి. ప్రవాహాన్ని కచ్చితంగా కొలుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఆమె ఒక సాయంత్రం సెన్సర్‌ను ఆఫీసు ప్రయోగశాలకు తెచ్చి అక్కడి కొలత యంత్రంతో సరిచూశారనుకుందాం. అక్కడితో (ఆ) తరగతి తలుపు తెరుచుకుంటుంది. ఒక్క సాయంత్రపు వాడకానికే మొత్తం ఆవిష్కరణ పోవడం కఠినమనిపిస్తే, ‘పరికరాలు’ అన్నచోట ‘పరికరాలను గణనీయంగా వాడి’ అని రాయమని ఉద్యోగి అడగవచ్చు. రహస్య సమాచారం విషయంలో మాత్రం ఆ సడలింపు ఏ సంస్థా ఇవ్వదు, ఇవ్వకపోవడం సబబే. సెలైన్ గొట్టంలో అడ్డంకిని గుర్తించడానికి సంస్థ వాడే, బయట ప్రచురించని సూత్రాన్ని ఆమె డ్రిప్ పైపులకు వాడితే, అది ఎంత తక్కువ వాడకమైనా హక్కు సంస్థకు చేరుతుంది.

ఇంకా చిక్కైన పరిస్థితి మరొకటి ఉంది. సంస్థ రహస్యం ఏదీ వాడకుండా ఆమె సొంతంగా కనిపెట్టిన పద్ధతి, సెలైన్ పంపులోని అడ్డంకి హెచ్చరికను కూడా మెరుగుపరచగలిగేది అయితే? అప్పుడు అది సంస్థ ప్రస్తుత వ్యాపారానికి ‘నేరుగా సంబంధించినది’ అవుతుంది కాబట్టి (ఇ) కింద వాదనకు దారి ఉంది. ఇలాంటి చోట ఒకే ఆవిష్కరణను ఉపయోగాన్ని బట్టి విడదీయవచ్చు. వైద్య రంగంలో వాడుకునే హక్కు సంస్థకు, సాగులో వాడుకునే హక్కు ఆమెకు అని లైసెన్సు రాసుకోవచ్చు. వివాదం ముదిరాక కంటే, ఆమె పని మొదలుపెట్టిన దశలోనే ఇది సులభంగా కుదురుతుంది.

అందుకే మంచి క్లాజుకు రెండు అనుబంధాలు ఉండాలి. ఒకటి, చేరే నాటికే ఉద్యోగి చేతిలో ఉన్న ఆవిష్కరణల జాబితా. దాన్ని ఖాళీగా వదిలేసి సంతకం చేస్తే, పాత పని కూడా కొత్త ఉద్యోగంలో చేసిందేనన్న అనుమానానికి తావిచ్చినట్టే. రెండోది, ఉద్యోగ కాలంలో చేసిన కొత్త ఆవిష్కరణను రాతపూర్వకంగా తెలియజేసే ఏర్పాటు. తనదేనని ఉద్యోగి అనుకున్నదాన్ని కూడా తెలపాలి. సంస్థ దాన్ని రహస్యంగా ఉంచి, ఫలానా గడువులోగా, ఉదాహరణకు 30 రోజుల్లో, తన వాదన చెప్పాలి. చెప్పకపోతే హక్కు వదులుకున్నట్టే అని కూడా రాయాలి. తేదీలున్న నోటుబుక్కు, సెన్సర్లు కొన్న బిల్లులు, సొంత కంప్యూటర్‌లోని ఫైళ్లు ఉద్యోగికి సాక్ష్యాలు. ఆఫీసు లాప్‌టాప్‌లో రాసిన కోడ్‌తో ఈ సాక్ష్యం తలకిందులవుతుంది.

నమూనాలో ‘ఇందుమూలంగా బదిలీ చేస్తున్నారు’ అని వర్తమానంలో ఉండటం వెనుక బలమైన కారణం ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1988లో చేరిన మార్క్ హొలోడ్నీ అనే పరిశోధకుడు, తన ఆవిష్కరణలను విశ్వవిద్యాలయానికి ‘బదిలీ చేయడానికి అంగీకరిస్తున్నాను’ అని సంతకం చేశాడు. తర్వాత రక్తంలో హెచ్‌ఐవీ పరిమాణాన్ని కొలిచే పద్ధతి కోసం సీటస్ అనే సంస్థకు వెళ్లి, అక్కడ ‘బదిలీ చేస్తాను, ఇందుమూలంగా చేస్తున్నాను’ అన్న కాగితం మీద సంతకం పెట్టాడు. సీటస్ సంబంధిత వ్యాపారాన్ని కొన్న రోష్ సంస్థ మీద స్టాన్‌ఫర్డ్ దావా వేస్తే, మొదటిది భవిష్యత్తు గురించిన మాట మాత్రమేనని, రెండోదానితో హక్కు అప్పటికే చేతులు మారిందని 2009లో అప్పీలు కోర్టు చెప్పింది. స్టాన్‌ఫర్డ్ అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లినా 2011లో ఓడిపోయింది.

మన దేశంలో ఈ వాక్యం ఒక్కటే చాలదు. పేటెంట్ల చట్టం 68వ సెక్షన్ బదిలీ రాతపూర్వకంగా ఉండాలంటుంది. సంస్థ తన పేరున దరఖాస్తు చేసినప్పుడు ఆ హక్కు ఎలా వచ్చిందో రుజువు చూపాలి. అందుకని ప్రతి ఆవిష్కరణకూ విడిగా బదిలీ పత్రం మీద సంతకం చేస్తామని, ఉద్యోగం మానేశాక కూడా ఆ సంతకాలకు సహకరిస్తామని ఒప్పందంలో రాయించుకుంటారు. ఆ పనికయ్యే ఖర్చు సంస్థే భరించాలన్న మాట కూడా అందులో ఉండటం న్యాయం.

సాఫ్ట్‌వేర్ సంస్థలు ఎక్కువగా మరిచేది కాపీరైట్ చట్టం 19వ సెక్షన్. పని వేళల తర్వాత, విధులకు బయట రాసిన కోడ్ 17వ సెక్షన్ కింద యజమానికి దానంతట అది చేరదు, బదిలీ మీదే ఆధారపడుతుంది. ఆ బదిలీలో కాలవ్యవధి రాయకపోతే అయిదేళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. ఇచ్చిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే బదిలీ రద్దవుతుంది, ఒప్పందంలో మరోలా చెబితే తప్ప. కాబట్టి ‘కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, వాడుకోకపోయినా రద్దు కాకుండా’ అన్న మాటలు విడమరచి రాయాలి.

ఉద్యోగం మానేశాక ఆరు నెలలు, ఏడాది లోపల చేసిన ఆవిష్కరణలు కూడా తమవేనని కొన్ని సంస్థలు రాస్తాయి. కొత్తచోట పనిచేయనివ్వకుండా అది అడ్డు పడితే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. వృత్తిని, వ్యాపారాన్ని నిరోధించే ఒప్పందం ఆ మేరకు చెల్లదని ఆ సెక్షన్ చెబుతుంది. సంస్థకు నిజంగా కావలసింది, ఉద్యోగంలో ఉండగానే పుట్టిన ఆవిష్కరణను దాచి, రాజీనామా చేశాక బయటపెట్టకుండా చూడటం. దానికి గడువు పెట్టి అన్నీ తమవే అనడం కంటే, సంస్థ రహస్య సమాచారం వాడి చేసినదైతేనే, లేదా ఉద్యోగ కాలంలోనే రూపు దిద్దుకున్నట్టు రుజువైతేనే అని పరిమితం చేయడం మేలు. అలా రాసిన క్లాజు కోర్టులో నిలిచే అవకాశం ఎక్కువ.