ఇంటర్వ్యూ అయ్యాక రాసే నాలుగు మాటలు

ఇంటర్వ్యూ ముగిశాక చాలామంది పంపే మెయిల్ ఒకేలా ఉంటుంది: "అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఈ ఉద్యోగానికి నేను సరిపోతానని నమ్ముతున్నాను." పేరు మారిస్తే ఎవరు ఎవరికైనా పంపొచ్చు. అందుకే చదివినవాళ్లకు అది గుర్తుండదు. అక్కడ జరిగిన సంభాషణలో ఒక్క విషయాన్ని పట్టుకుని రాస్తే ఆ ఉత్తరం మీది మాత్రమే అవుతుంది.

ఒక ఆసుపత్రి మందుల స్టోర్‌లో ఇన్‌ఛార్జి ఉద్యోగం అనుకుందాం. మాటల్లో అక్కడి ఫార్మసీ మేనేజర్ ఒక ఇబ్బంది చెప్పారు. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కానీ కొన్ని రాత్రులు 2 కంటే కిందికి దిగుతోంది, తెల్లారేసరికి మళ్లీ మామూలుగా కనిపిస్తోంది. ఇది చిన్న విషయం కాదు. హెపటైటిస్ బి టీకా గడ్డకట్టి కరిగితే చూడ్డానికి బాగానే ఉండొచ్చు, కానీ వాడడానికి పనికిరాదు. అభ్యర్థి మర్నాడు ఇలా రాయొచ్చు:

"మేడమ్, నమస్కారం. నిన్న నాకు సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. రాత్రిపూట ఫ్రిజ్ బాగా చల్లబడుతోందన్న మీ మాట గురించి ఆలోచించాను. మా స్టోర్‌లో ఇదే సమస్య వచ్చినప్పుడు హెపటైటిస్ బి డబ్బాలను ఫ్రీజర్ గదికి దూరంగా జరిపి, డేటా లాగర్ రీడింగులను రోజుకు రెండుసార్లు రిజిస్టరులో రాశాం. ఆ రిజిస్టరు చూసింది నేనే. మీ దగ్గర నైట్ షిఫ్ట్‌లో ఆ పని ఎవరిదో ముందు తేల్చుకోవాలనిపిస్తోంది. ఈ బాధ్యత తీసుకోవాలని నాకు గట్టిగా ఉంది."

"నేను తగినవాణ్ని" అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. అయినా ఆ పని చేసిన మనిషని తెలిసిపోతుంది. అయితే చేయని పనిని చేసినట్టు రాస్తే రెండో రౌండ్‌లో ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.

ఏ విషయం ఎంచుకోవాలి? వాళ్లు ఒక ప్రశ్న అడిగి వదిలేయకుండా, మీ జవాబు మీద మళ్లీ ప్రశ్న వేసిన చోటే వాళ్ల అవసరం ఉంటుంది. బయటికి రాగానే ఫోన్‌లో దాన్ని రాసిపెట్టుకోండి, సాయంత్రానికి సగం మరిచిపోతాం. ఉత్తరం 24 గంటల్లోపు చేరితే మంచిది. ఇద్దరు ఇంటర్వ్యూ చేస్తే ఇద్దరికీ వేర్వేరుగా రాయండి. ఒకే ఉత్తరం నకలు పంపితే, వాళ్లు పక్కపక్కనే కూర్చునేవాళ్లని మరిచిపోయినట్టే. మెయిల్ చిరునామా తెలియకపోతే హెచ్‌ఆర్ ద్వారా పంపమని అడగొచ్చు. జీతం సంగతి ఇందులో ఎత్తకండి.

చెడిపోయిన ఇంటర్వ్యూను ఈ ఉత్తరం బాగుచేయదు. ఇద్దరు అభ్యర్థులు దాదాపు సమానంగా నిలిచినప్పుడే దాని బలం కనిపిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల ఇంటర్వ్యూ బోర్డు సభ్యులకు మాత్రం ఇలాంటివి రాయకండి. అక్కడ విడిగా సంప్రదించడాన్ని పైరవీగా లెక్కగట్టి అనర్హులను చేసే ప్రమాదం ఉంది.